‘ఎ’ ఎప్పుడు ‘సియా’ అవుతుంది?

‘మార్కో ఇంట్లో ఉన్నాడు’ అనడానికి ఇటాలియన్‌లో ‘మార్కో ఎ అ కాసా’ అంటారు. అందులో ‘ఎ’ అంటే ‘ఉన్నాడు’. ‘మార్కో ఇంట్లో ఉన్నాడని నాకు తెలుసు’ అన్నా ఆ ‘ఎ’ అలాగే ఉంటుంది: ‘సో కె మార్కో ఎ అ కాసా’. కానీ ‘నాకు తెలుసు’ తీసేసి ‘అనుకుంటున్నాను’ పెట్టగానే లోపలి క్రియ రూపం మార్చుకుంటుంది: ‘పెన్సో కె మార్కో సియా అ కాసా’. మార్కో ఇంట్లోనే ఉన్నాడు, మారింది చెప్పేవాడి మాట. ‘ఎ’ కాస్తా ‘సియా’ అయింది.

ఈ రెండో రూపాన్ని ఇటాలియన్లు ‘కొంజుంతీవో’ అంటారు. తెలుగులో ఈ బెడద లేదు. ‘ఉన్నాడని తెలుసు’, ‘ఉన్నాడని అనుకుంటున్నాను’, ‘ఉన్నాడని విన్నాను’ అంటూ ‘అని’ చేర్చి ఊరుకుంటాం, లోపలి క్రియను కదపం. అందుకే ఇటాలియన్ నేర్చుకునే తెలుగువాళ్లకు క్రియ రూపాలు కంఠతా వచ్చాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎక్కడ మార్చాలి, ఎక్కడ మార్చకూడదు?

తరగతుల్లో తరచూ దొరికే జవాబు సులువుగా ఉంటుంది: నిశ్చయంగా తెలిస్తే మామూలు రూపం, అనుమానముంటే కొంజుంతీవో. ఇది కొంతదూరమే పనికొస్తుంది. ‘ఫొర్సె’ అంటే ‘బహుశా’. అంతకు మించిన అనుమానం ఏముంటుంది? అయినా ‘ఫొర్సె మార్కో ఎ అ కాసా’ అనే అంటారు. ‘సెకొందో మె’ అంటే ‘నా ఉద్దేశంలో’. అచ్చంగా అభిప్రాయమే, కానీ దాని తర్వాత కూడా ‘ఎ’ మారదు. ఇటు తిప్పి చూస్తే, ‘మార్కోకి ఒంట్లో బాగాలేనందుకు బాధగా ఉంది’ అనే మాటలో అనుమానం ఏమీ లేదు, అతని జబ్బు సంగతి ఇద్దరికీ తెలుసు. అక్కడ మాత్రం ‘మి దిస్ప్యాచె కె మార్కో సియా మలాతో’ అని కొంజుంతీవోయే రావాలి.

కాబట్టి చూడాల్సింది అనుమానాన్ని కాదు. ఆ చిన్న వాక్యాన్ని చెప్పేవాడు ఒక వార్తగా, తన పూచీ మీద మన ముందు పెడుతున్నాడా, లేక మరో మాట కింద కట్టేసి చూపిస్తున్నాడా అన్నది చూడాలి. ‘నాకు తెలుసు’ అన్నవాడు లోపలి సంగతికి పూచీ పడుతున్నాడు. ‘అనుకుంటున్నాను’ అన్నవాడు తన ఆలోచనకు మాత్రమే పూచీ పడుతున్నాడు. ‘బాధగా ఉంది’ అన్నవాడు చెబుతున్న వార్త తన బాధ, మార్కో జబ్బు పాత సంగతే. ‘బహుశా’, ‘నా ఉద్దేశంలో’ వంటివి వాక్యానికి పక్కన నిలబడే మాటలే తప్ప, ‘కె’ అనే ముడి వేసి దాన్ని కింద కట్టేయవు. ఆ ‘కె’ మన ‘అని’ చేసే పనే చేస్తుంది, కాకపోతే ముందొస్తుంది. ఈ దృష్టితో చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. అన్నీ విడిపోవు గానీ, అనుమానం సూత్రం కన్నా ఇది ఎక్కువ దూరం తీసుకెళ్తుంది.

కాదనడం ఇక్కడ పెద్ద తేడా తెస్తుంది. ‘సోనో సికూరో కె మార్కో ఎ అ కాసా’ అంటే మార్కో ఇంట్లో ఉన్నాడని నాకు నమ్మకం. దాని ముందు ‘నోన్’ చేర్చి ‘నమ్మకం లేదు’ అంటే పూచీ పోయింది, ‘సియా’ వచ్చింది. ‘అతను అంటున్నాడు’ తర్వాత మామూలు రూపమే. ‘జనం అంటున్నారు’ అనే అర్థంలో ‘సి దీచె కె’ వస్తే కొంజుంతీవో. మార్కోకి ఒంట్లో బాగాలేదట అన్నప్పుడు మన ‘అట’ ఎలా చేతులు దులిపేసుకుంటుందో, అక్కడ ‘సియా మలాతో’ కూడా అలాగే దులిపేసుకుంటుంది.

ఒక మినహాయింపును మొదటి రోజే తెలుసుకోవడం మంచిది. అనుకునేవాడూ చేసేవాడూ ఒక్కరే అయితే కొంజుంతీవో అసలు రాదు. ‘నేను రేపు బయలుదేరాలనుకుంటున్నాను’ అనడానికి ‘పెన్సో ది పర్తీరె దొమాని’ అంటారు. ‘ది’ పెట్టి క్రియను ధాతువు రూపంలోనే వదిలేస్తారు. ‘పెన్సో కె యో పర్తా’ అంటే అర్థమవుతుంది గానీ పరాయి చెవి అని పట్టుబడిపోతుంది.

ఇక రూపాల సంగతి. మామూలు క్రియల్లో జరిగేది అచ్చుల తారుమారు. ‘ఆరె’తో ముగిసే ‘పర్లారె’కి ‘మాట్లాడతాడు’ అనే మామూలు రూపం ‘పార్లా’, కొంజుంతీవో ‘పార్లి’. ‘ఎరె’, ‘ఈరె’తో ముగిసేవి దీనికి తలకిందులు: ‘ప్రెందె’ (తీసుకుంటాడు) ‘ప్రెందా’ అవుతుంది, ‘దొర్మె’ (నిద్రపోతాడు) ‘దొర్మా’ అవుతుంది. తరచూ వాడే కొన్నింటిని మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి: సియా (ఉండు), అబ్బ్యా (కలిగి ఉండు), వాదా (వెళ్లు), ఫాచా (చేయు), వెంగా (వచ్చు), పొస్సా (చేయగలుగు), సప్ప్యా (తెలియు). నేను, నువ్వు, అతను ముగ్గురికీ ఇదే రూపం. అందుకే ఇటాలియన్‌లో మామూలుగా వదిలేసే ‘తూ’ (నువ్వు) ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఇదే రూపం ‘మీరు’ అనే మర్యాదకీ పనికొస్తుంది. రోమ్ వీధిలో దారి అడిగేవాడు అనే ‘స్కూజి’ (క్షమించండి), డాక్టరు గుమ్మంలో వినిపించే ‘వెంగా’ (రండి) కొంజుంతీవోలే. 1975 నాటి ‘ఫంతొజ్జి’ సినిమాలో టెన్నిస్ ఆటలోని నవ్వంతా ఈ అచ్చు మీదే నడుస్తుంది. బంతి కొట్టమంటూ సహోద్యోగి ‘బత్తి’ అంటాడు. అది ‘నువ్వు’ అనే చనువు రూపం. ఏకవచనంలో పిలుస్తున్నారా అని ఫంతొజ్జి అడిగితే, లేదు, మర్యాదగానే అంటున్నానని అదే ‘బత్తి’కి ‘లేయి’ (మీరు) తగిలిస్తాడు. ఓహో, కొంజుంతీవోనా అని ఫంతొజ్జి సర్దుకుంటాడు. ఈ క్రియ ‘ఎరె’ గుంపుది కాబట్టి సరైన రూపం ‘బత్తా’. ఇద్దరూ ‘ఆరె’ గుంపు లెక్కను అక్కడ వాడేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు జారేదీ సరిగ్గా ఇక్కడే.

అభిప్రాయ క్రియల తర్వాతి వంతు కలిపే మాటలది. వీటిలో అన్నిటికన్నా ముచ్చటైనది ‘పెర్కె’. దానికి ‘ఎందుకంటే’ అనీ, ‘అయ్యేందుకు’ అనీ రెండర్థాలు. ఏది ఎప్పుడన్నది లోపలి క్రియే తేలుస్తుంది. ‘పార్లో ప్యానో పెర్కె ఇల్ బంబీనో దొర్మె’ అంటే, పిల్లాడు నిద్రపోతున్నాడు కాబట్టి మెల్లగా మాట్లాడుతున్నాను. చివరి ఒక్క అచ్చు మార్చి ‘దొర్మా’ అంటే, పిల్లాడు నిద్రపోయేలా మెల్లగా మాట్లాడుతున్నాను. మొదటి వాక్యంలో పిల్లాడి నిద్ర జరుగుతున్న సంగతి. రెండో దాంట్లో వాడు కళ్లు తెరుచుకునే ఉండి ఉండొచ్చు.

‘ప్రీమా కె’ (ముందు), ‘దోపో కె’ (తర్వాత) జంట తెలుగువాళ్లకు సులువుగా అందాలి. మొదటిదానికి కొంజుంతీవో, రెండోదానికి మామూలు రూపం. మనమూ ‘వాన వచ్చాక’ అంటాం, ముందు సంగతికి వచ్చేసరికి ‘వాన రాకముందే’ అని ఇంకా జరగని రూపం వాడతాం. ‘ఉష్యామో ప్రీమా కె ప్యోవా’ అంటే వాన రాకముందే బయటికి వెళ్దాం.

చిక్కు పెట్టేది ‘బెంకె’. ‘బెంకె ప్యోవా, ఎస్కో’ అంటే వాన పడుతున్నా బయటికి వెళ్తున్నాను. వాన కళ్లెదుటే పడుతోంది, అయినా కొంజుంతీవోయే. వాన ఇక్కడ వార్త కాదు, వెళ్లడమే వార్త. పూచీ సూత్రం ఇంతవరకూ సరిపోతుంది. కానీ అదే అర్థమిచ్చే ‘అంకె సె’ తర్వాత ‘ప్యోవె’ అనే మామూలు రూపం వస్తుంది. ఇక్కడ తర్కం ఆగిపోతుంది, వాడుకే సూత్రం. వాన పడుతున్నట్టు ఊహించి ‘పడినా సరే వెళ్తాను’ అంటే మాత్రం ‘అంకె సె’ కూడా భూతకాలపు కొంజుంతీవోని కోరుతుంది.

తరచూ ఎదురయ్యే ప్రేరకాలను గుంపులుగా రాసుకుంటే ఇలా ఉంటాయి.

అభిప్రాయం, ఊహ: పెన్సో కె, క్రేదో కె (అనుకుంటున్నాను), మి సెంబ్రా కె, మి పారె కె (నాకు అనిపిస్తోంది), రితెంగో కె (నా అభిప్రాయం), సుప్పొంగో కె (ఊహిస్తున్నాను).

సందేహం, ఆశ, భయం, కోరిక: దూబితో కె (సందేహిస్తున్నాను), స్పేరో కె (ఆశిస్తున్నాను), తేమో కె (భయపడుతున్నాను), వొల్యో కె (కావాలి).

‘అయినా’ అనేవి: బెంకె, సెబ్బేనె, నొనొస్తాంతె.

ఉద్దేశం, షరతు: అఫ్ఫింకె, పెర్కె (అయ్యేందుకు), పుర్కె, అ పత్తో కె (అయితేనే), అ మేనో కె (అలా కాకపోతే తప్ప).

మిగిలినవి: ప్రీమా కె (ముందు), సెంత్సా కె (జరగకుండా), కోమె సె (అయినట్టు).

ఈ పట్టికలోని ‘కోమె సె’కి వర్తమాన రూపం కుదరదు. ‘అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడు’ అంటే ‘పార్లా కోమె సె సపెస్సె తుత్తో’. మాట ఇప్పటిదైనా క్రియ భూతకాలపు కొంజుంతీవో. పైక్రియ భూతకాలంలోకి జరిగినప్పుడు లోపలిదీ ఇలాగే జరుగుతుంది: ‘క్రేదో కె సియా అ కాసా’ (ఇంట్లో ఉన్నాడనుకుంటున్నాను), ‘క్రెదేవో కె ఫొస్సె అ కాసా’ (ఇంట్లో ఉన్నాడనుకున్నాను). ‘సియా’కి భూతకాలపు తోడు ‘ఫొస్సె’. రేపటి సంగతికైతే వెసులుబాటుంది. ‘మార్కో వస్తాడనుకుంటున్నాను’ అనడానికి ‘వెంగా’ బదులు మామూలు భవిష్యత్తు ‘వెర్రా’ వాడినా తప్పుపట్టరు.

ఇటాలియన్లు అందరూ దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారని కాదు. ఇంట్లో, వీధిలో ‘పెన్సో కె ఎ’ అనే మాట బాగానే వినిపిస్తుంది. రాతలోనో ఉద్యోగపు ఇంటర్వ్యూలోనో అదే దొర్లితే మాత్రం చదువు తక్కువని ముద్ర పడుతుంది. ఈ రూపం చచ్చిపోతోందన్న విలాపం కూడా అక్కడ పాతదే. 2018 సన్‌రేమో పాటల పోటీలో కొత్త గాయకుల విభాగంలో లొరెంత్సో బల్యోని పాడిన సరదా పాట పేరే ‘ఇల్ కొంజుంతీవో’.

మాటల్లో కొంజుంతీవోని తప్పుగా వాడటం కన్నా దాని పక్కనుంచి వెళ్లిపోవడమే తెలివైన పని. ‘బెంకె’ అనాల్సిన చోట ‘అంకె సె’, ‘పెన్సో కె’ బదులు ‘సెకొందో మె’, చేసేవాడు ఒక్కడే అయినప్పుడు ‘అఫ్ఫింకె’ బదులు ‘పెర్’ పెట్టి ధాతువు రూపం వాడితే వాక్యం తప్పు కాదు, కృతకంగానూ ఉండదు. అక్కడివాళ్లూ రోజూ చేసే పనే ఇది. ‘ప్రీమా కె’, ‘వొల్యో కె’ తర్వాత మాత్రం ఇలాంటి పక్కదారి సులువుగా దొరకదు. కొత్తవాళ్లు ముందుగా నోటికి అలవాటు చేసుకోవాల్సినవి ఆ రెండే.