రెండు జబ్బులు, ఒకే ఎర్ర దీపం

కృష్ణ ఒడ్డున, హుజూర్‌నగర్ వైపు ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో రా మిల్లు రోజుకు ఒకటి రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోయేది. మోటార్లు బాగానే ఉన్నాయి, బేరింగులూ బాగానే ఉన్నాయి. కంట్రోల్ ప్యానెల్లో బీఎఫ్ అని రాసి ఉన్న చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది, మిల్లు ఆగుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. ఆ దీపం అర్థం ఒక్కటే: బస్ ఫాల్ట్. మెషిన్ల మధ్య మాట తెగింది.

పాతకాలపు ఫ్యాక్టరీలో ఒక్కో మోటారుకు, ఒక్కో సెన్సారుకు కంట్రోల్ రూము నుంచి విడివిడిగా వైర్లు లాగేవారు. అవి వందల్లో ఉండేవి. ఆ బాధ తప్పించడానికి 1987లో జర్మనీలో కొన్ని కంపెనీలు, పరిశోధనా సంస్థలు కలిసి ప్రొఫీబస్ పని మొదలుపెట్టాయి. ఊదారంగు తొడుగున్న ఒకే కేబుల్, అందులో ఒక ఎర్ర తీగ, ఒక ఆకుపచ్చ తీగ. పీఎల్‌సీ అనే యజమాని కంప్యూటర్ ఒక్కో పరికరాన్ని నంబరు పెట్టి పిలుస్తుంది, పిలిచినవాళ్లే జవాబిస్తారు. ఇప్పుడు కొత్త ఫ్యాక్టరీల్లో ఈథర్‌నెట్ వస్తున్నా, సిమెంటు, స్టీలు, పంచదార మిల్లుల్లో ఈ ఊదారంగు కేబుల్ ఇంకా చాలాకాలం ఉంటుంది.

నేను వెళ్లేసరికి వాళ్లు చేయాల్సిందంతా చేసేశారు. డ్రైవ్‌లోని కమ్యూనికేషన్ కార్డు మార్చారు, రెండు కనెక్టర్లు మార్చారు, ఒకచోట కేబుల్ కూడా మార్చారు. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. నైట్ షిఫ్ట్ ఎలక్ట్రీషియన్ ఒకాయన, యాభై దాటిన మనిషి, టీ గ్లాసు చేతికిస్తూ ఒక మాటన్నాడు. "సార్, ఊరికె గూడ పడిపోతది గానీ, చివరి ఫ్యాన్ కరెంటు తీసిననాడు మాత్రం గంటగంటకూ పడిపోతది. పర్మిట్ తీసుకున్నప్పుడల్లా నేను చూస్తున్న."

ఆ మాట ఏ రిపోర్టులోనూ లేదు. ఊరికే పడిపోవడం ఒకటి, చివరి ఫ్యాన్ ఆపినప్పుడు పడిపోవడం ఇంకొకటి. ఇవి ఒకే జబ్బు కాకపోవచ్చని అప్పుడే అనిపించింది.

చివరి పరికరానికి అంత ప్రాముఖ్యం ఎందుకో తెలియాలంటే చెరువును తలుచుకోవాలి. అల వచ్చి రాతికట్టకు తగిలితే వెనక్కి తిరుగుతుంది. అదే తుంగ మొలిచిన ఒడ్డుకు వస్తే అందులోనే కలిసిపోతుంది. కేబుల్లో సిగ్నలూ అంతే. తీగ చివర ఏమీ లేకపోతే అది అక్కడినుంచి వెనక్కి మళ్లి, తర్వాత వస్తున్న సిగ్నల్ మీద పడుతుంది. అందుకే కేబుల్ రెండు చివర్లా టర్మినేటర్ అనే రెసిస్టర్ల గుంపు పెడతారు. అది తుంగ చేసే పని చేస్తుంది. కనెక్టర్ మీదున్న చిన్న స్విచ్ ఆన్ చేస్తే టర్మినేటర్ పనిలోకి వస్తుంది. రెండు చివర్లా ఆన్, మధ్యలో అన్నీ ఆఫ్. మధ్యలో ఎవరైనా పొరపాటున ఆన్ చేస్తే ఆ కనెక్టర్ అవతలి కేబుల్‌ను కోసేస్తుంది, దాని తర్వాత ఉన్న పరికరాలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. అలా మాయమైతే పట్టుకోవడం తేలిక. మాది అలాంటిది కాదు.

తిరిగొచ్చే అల ఎంత చెడ్డదన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ లైను 1.5 ఎంబీపీఎస్ మీద, అంటే సెకనుకు 15 లక్షల బిట్ల వేగంతో నడుస్తోంది. ఒక్కో బిట్ మైక్రోసెకనులో మూడింట రెండు వంతులు ఉంటుంది. కేబుల్లో సిగ్నల్ మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, 200 మీటర్లు పోయి తిరిగి రావడానికి 2 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే ప్రతిధ్వని వచ్చేసరికి మూడు బిట్లు దాటిపోతాయి, అది వేరే బిట్‌ను చెడగొడుతుంది. అదే 93.75 కేబీపీఎస్ అయితే ఒక బిట్ పది మైక్రోసెకన్లకు పైగా ఉంటుంది. ప్రతిధ్వని ఆ బిట్ మొదట్లోనే వచ్చి సద్దుమణుగుతుంది, మధ్యలో చదివే పరికరానికి తెలియదు కూడా. టర్మినేటర్ లేకపోయినా ఏళ్ల తరబడి నడిచిన లైన్లు నేను చూశాను. వేగం పెంచిన రోజునే అవి పడుకుంటాయి.

మిల్లుకు ఎనిమిది గంటల షట్‌డౌన్ దొరికింది. ముందు అన్ని పరికరాల నుంచి కనెక్టర్లు పీకించి, పీఎల్‌సీ చివర మల్టీమీటర్ పెట్టాను. ఒక్కో టర్మినేటర్‌లో రెండు తీగల మధ్య 220 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. రెండూ ఉంటే కలిపి 110కి కాస్త పైన చూపించాలి, ఒకటే ఉంటే 220 చూపిస్తుంది. మీటర్ 117 చూపించింది. రెండు టర్మినేటర్లూ ఉన్నాయి.

తర్వాత పొడవు. డ్రాయింగ్‌లో 180 మీటర్లని ఉంది. 1.5 ఎంబీపీఎస్‌కు 200 మీటర్ల దాకా అనుమతి ఉంది కాబట్టి పొడవు మీద ఎవరికీ అనుమానం రాలేదు. నాకు డ్రాయింగుల మీద నమ్మకం తక్కువ. గోడ ఎక్కి, ట్రేలో చుట్టు తిరిగి, ప్యానెల్లోకి దిగిన కేబుల్‌ను కాగితం మీద ఎవరూ కొలవరు. టర్మినేటర్లు రెండూ ఆఫ్ చేయించి, ఆ చివర ఎర్ర తీగను, ఆకుపచ్చ తీగను కలిపి పట్టుకోమన్నాను. ఇవతల మీటర్ దాదాపు 29 ఓమ్‌లు చూపించింది. ఈ రకం కేబుల్లో పోయి వచ్చే దారికి కిలోమీటరుకు 110 ఓమ్‌లు ఉంటుంది. లెక్క వేస్తే దాదాపు 260 మీటర్లు. తర్వాత తెలిసిందేమంటే, రెండేళ్ల కిందట బ్యాగ్ ఫిల్టర్‌కు కొత్త ఫ్యాన్ డ్రైవ్ వచ్చింది. కేబుల్‌ను అక్కడిదాకా పొడిగించారు, పాత చివరి స్విచ్ ఆఫ్ చేసి కొత్త చివర ఆన్ చేశారు. పని పద్ధతిగానే చేశారు. కేబుల్ మొత్తం ఎంతయిందని మాత్రం ఎవరూ అడగలేదు.

పొడవెక్కితే జరిగేది ప్రతిధ్వని కాదు, అలసట. చదరంగా బయలుదేరిన సిగ్నల్ భుజాలు గుండ్రమై, ఎత్తు తగ్గి ఆ చివరకు చేరుతుంది. ఆసిలోస్కోప్‌లో అది కనపడుతూనే ఉంది. అందుకే ఒక పరీక్ష చేశాం. పీఎల్‌సీలో వేగాన్ని 500 కేబీపీఎస్‌కు తగ్గించాం. ఆ వేగానికి 400 మీటర్ల దాకా అనుమతి ఉంది. మిగతా పరికరాలు కొత్త వేగాన్ని వాటంతట అవే పట్టుకుంటాయి. మిల్లు ఖాళీగా తిప్పి గంటసేపు చూశాం. ఒక్క సందేశమూ రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు. ఊరికే పడిపోయే జబ్బు పొడవు వల్ల వచ్చిందే.

అప్పుడు ఆ పెద్దాయన్నే పంపించి చివరి ఫ్యాన్ ఐసొలేటర్ తీయించాను. పది నిమిషాలయ్యింది. పక్కనే ఉన్న పెద్ద ఫ్యాన్ డ్రైవ్ స్టార్ట్ చేయగానే ఎర్ర దీపం వెలిగింది.

వేగం తగ్గించినా ఇది పోలేదు. మీటర్ 117 చూపించినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇక్కడ పనికిరాలేదు. టర్మినేటర్‌లో 220 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే ఉండదు. దానికి అటూ ఇటూ 390 ఓమ్‌లవి రెండున్నాయి. వాటికి 5 వోల్టుల కరెంటు కావాలి, ఆ కరెంటును చివరి పరికరమే ఇవ్వాలి. ఎవరూ మాట్లాడని సమయంలో రెండు తీగల మధ్య దాదాపు 1.1 వోల్టు నిలబెట్టి, లైన్‌ను నిశ్శబ్దంగా ఉంచడం వాటి పని. ఫ్యాన్‌కు కరెంటు తీయగానే అక్కడి టర్మినేటర్ ప్రాణం పోయింది. ఇవతలి చివర ఒక్కటే ఆ భారం మోస్తుంటే, నిశ్శబ్దపు వోల్టేజీ 0.6 దగ్గరికి పడిపోయింది. ఆసిలోస్కోప్‌లో సందేశాల మధ్య గీత కిందికి జారడం ఇద్దరం చూశాం. లైను అప్పటికీ నడుస్తుంది. కానీ పక్కన పెద్ద డ్రైవ్ తిరిగి గోల మొదలయ్యాక, ఆ గోలనే ఎవరో మాట్లాడుతున్నారని పరికరాలు పొరబడతాయి. ఓమ్‌లు కొలిచే మీటర్ ఈ సంగతి ఎప్పటికీ చెప్పదు. కరెంటు లేకుండా కొలిచే మీటర్‌కు, కరెంటు ఉన్న టర్మినేటరూ లేని టర్మినేటరూ ఒకటే.

దీనికి మందు యాక్టివ్ టర్మినేటర్ అనే చిన్న పెట్టె. దానికి 24 వోల్టులు విడిగా ఇస్తాం, ఏ పరికరం ఆపినా అది బతికే ఉంటుంది. ఫ్యాన్ డ్రైవ్ కనెక్టర్‌లో స్విచ్ ఆఫ్ చేసి, కేబుల్‌ను రెండు మీటర్లు ముందుకు లాగి, యూపీఎస్ మీదున్న పక్క ప్యానెల్లో దాన్ని బిగించాం.

పొడవు సంగతి తేల్చడానికి రెండు దారులున్నాయి. 500 కేబీపీఎస్ దగ్గరే వదిలేయడం మొదటిది. నన్నడిగితే అదే మంచిది. వేగం మూడో వంతుకు తగ్గినా, సెకన్ల లెక్కన మారే మిల్లుకు కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం లెక్కలోకి రాదు. 1.5 ఎంబీపీఎస్ చాలాచోట్ల అవసరం కొద్దీ పెట్టింది కాదు, సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్నదాన్ని ఎవరూ మార్చక మిగిలిపోయింది. అయితే ఆ ఫ్యాక్టరీవాళ్లు వచ్చే ఏడాది ఇంకో రెండు డ్రైవ్‌లు, ఇంకో 150 మీటర్లు అన్నారు. అప్పుడు 400 కూడా దాటిపోతుంది. అందుకని రిపీటర్ పెట్టాం.

రిపీటర్ అలసిన సిగ్నల్‌ను చదివి, కొత్తగా మళ్లీ పలికే పరికరం. కేబుల్‌ను 140 మీటర్ల దగ్గర కోసి మధ్యలో పెట్టాం. అప్పటినుంచి అది ఒక లైను కాదు, రెండు లైన్లు. రిపీటర్లతో వచ్చే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ సంగతి మరిచిపోవడం వల్లనే. రెండు లైన్లంటే నాలుగు చివరలు, నాలుగు టర్మినేటర్లు. మా రిపీటర్ దగ్గర ఒక లైను ముగిసి ఇంకోటి మొదలవుతుంది కాబట్టి దాని మీదున్న రెండు స్విచ్‌లూ ఆన్. కేబుల్ ఏదైనా రిపీటర్‌ను తాకి ముందుకు సాగిపోతుంటే మాత్రం ఆ వైపు స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. రిపీటర్‌కు నంబరు ఉండదు గానీ, ఒక్కో లైన్‌లో 32 పరికరాలే అన్న హద్దులో రెండు వైపులా అదీ ఒకటిగా లెక్కకు వస్తుంది. మాకు మొత్తం పదకొండే కాబట్టి ఆ చింత లేదు.

వేగాన్ని మళ్లీ 1.5 ఎంబీపీఎస్‌కు తెచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి మిల్లు స్టార్ట్ చేయించాం. పక్కనున్న పెద్ద ఫ్యాన్ కూడా తిరుగుతోంది. పెద్దాయన అడక్కుండానే లేచి, పర్మిట్ పుస్తకంలో సంతకం చేసి, బ్యాగ్ ఫిల్టర్ వైపు వెళ్లాడు. వాకీటాకీలో "తీసిన సార్" అన్నాడు. పీఎల్‌సీలో ఆ ఒక్క ఫ్యాన్ నంబరు ఎదుట ఎర్రగీత వచ్చింది, మిగతా పదీ పచ్చగానే ఉన్నాయి. స్కోప్‌లో సందేశాల మధ్య గీత 1.1 దగ్గర కదలకుండా నిలబడింది.