బాట్ చేతులు మారేటప్పుడు

ఉద్యోగం మానేసే డెవలపర్ తాను నడిపిన చాట్‌బాట్ గురించి తర్వాత వచ్చేవారికి రాసిపెట్టే కాగితమే హ్యాండోవర్ నోట్. మామూలు ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కోడ్ చదివితే చాలావరకు తెలుస్తుంది. చాట్‌బాట్ నడవడిక మాత్రం ప్రాంప్ట్ అనే ఆదేశాల మీద ఆధారపడుతుంది. వాటిలో ఏ వాక్యం ఎందుకు చేరిందో రాసినవారికే ఎరుక.

బస్సు టికెట్ల బాట్ ఒకటి ఉందనుకుందాం. "రద్దు రుసుము సొంతంగా చెప్పవద్దు, నిబంధనల పేజీ చూపించు" అని దాని ప్రాంప్ట్‌లో ఉంది. కొత్త డెవలపర్ అతిజాగ్రత్త అనుకుని ఆ వాక్యం తీసేస్తే, బాట్ లేని రాయితీలను ధీమాగా ప్రకటించవచ్చు. ఎయిర్ కెనడా బాట్ కూడా ఆప్తుల మరణంపై ఇచ్చే రాయితీని ప్రయాణమయ్యాక అడగవచ్చని ఒకరికి చెప్పింది. సంస్థ నిబంధన అందుకు విరుద్ధం. బాట్ మాటకు సంస్థే బాధ్యురాలని, పరిహారం చెల్లించాలని 2024లో కెనడాలోని ఒక ట్రిబ్యునల్ తేల్చింది. అందుకే మంచి నోట్‌లో ప్రతి ఆదేశం పక్కనా, ఏ పొరపాటు జరిగాక దాన్ని చేర్చారో ఉంటుంది.

సెట్టింగుల సంగతీ అంతే. అంకె ఒక్కటే రాస్తే సరిపోదు.

```
temperature: 0.2
max_tokens: 300
```

మొదటిది తక్కువగా ఉంటే జవాబులు నిలకడగా వస్తాయి, నిజమే వస్తుందన్న హామీ మాత్రం లేదు. రెండోది జవాబు పొడవుకు పరిమితి. మోడల్ మాటలను టోకెన్లనే ముక్కలుగా లెక్కిస్తుంది. అదే సంగతికి ఇంగ్లిష్ కన్నా తెలుగుకు సాధారణంగా ఎక్కువ ముక్కలు పడతాయి. దాంతో ఇంగ్లిష్ జవాబు పూర్తిగా వచ్చే చోట తెలుగు జవాబు "మీ బస్సు బయలుదే" దగ్గర ఆగిపోతుంది. చాలా సేవల లాగ్‌లో అప్పుడు `finish_reason: length` అని కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క నోట్‌లో ఉంటే కొత్తవారికి రెండు రోజుల వెతుకులాట తప్పుతుంది.

తేలని సమస్యలు రాయడానికి డెవలపర్లు మొహమాటపడతారు, నిజానికి వాటికే విలువ ఎక్కువ. "రేపు రాత్రి పన్నెండున్నర బస్సు" అని ప్రయాణికుడు అడిగితే తేదీ ఏది? జనం లెక్కలో అది రేపటి రాత్రే, క్యాలెండర్ లెక్కలో ఎల్లుండి. ఇవాళ్టి తేదీని ప్రాంప్ట్‌లో పెట్టినా చిక్కు తీరలేదని, తేదీ చదివి వినిపించి ప్రయాణికుడి చేత ఔననిపించుకోవడం తాత్కాలిక ఏర్పాటేనని నోట్ చెప్పాలి. ఏం ప్రయత్నించి విఫలమయ్యారో రాయకపోతే కొత్తవారు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఏపీఐ కీ మాత్రం నోట్‌లో రాయకూడదు. అది ఎక్కడ భద్రంగా ఉందో రాస్తే చాలు. డెవలపర్ వెళ్లిన రోజే దాన్ని మార్చేయాలి.