రెండు-ఆరు గాజు, నాలుగు మాటల బొమ్మ: అపోహలు – వాస్తవాలు

చార్మినార్‌కు పడమటగా సాగే లాడ్ బజారులోని లక్క గాజులు ఇవాళ ఆన్‌లైన్ అంగళ్లలోనూ అమ్ముడవుతున్నాయి. బజారులో గాజును చేతికి తొడిగి చూపించే వర్తకుడి పనిని ఆన్‌లైన్‌లో ఇన్ఫోగ్రాఫిక్ చేయవలసి వస్తుంది. వస్తువు ఫొటోపైనే కొలతను, పదార్థాన్ని, జత సంఖ్యను కొద్ది మాటల్లో ముద్రించిన బొమ్మనే ఇన్ఫోగ్రాఫిక్ అంటారు. దాని పక్కన శీర్షిక, వివరణ, ధర, సైజుల పట్టీ రూపంలో కనిపించే అక్షరభాగమంతా లిస్టింగ్ పాఠం. ఈ రెండింటి సంబంధం గురించి అమ్మకందారుల్లో పాతుకుపోయిన కొన్ని అపోహలు గాజు సైజు దగ్గర అన్నిటికంటే స్పష్టంగా బయటపడతాయి.

అపోహ: 2.6 అంటే 2.6 అంగుళాలు, బొమ్మపై పక్కన "అంగుళాలు" అని చేరిస్తే కొనేవారికి ఇంకా తేలిక.

వాస్తవం: గాజు సైజులోని చుక్క దశాంశ బిందువు కాదు. ఒకప్పుడు రూపాయికి పదహారు అణాలు ఉన్నట్లే ఇక్కడ అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తారు కాబట్టి, 2.6 అంటే రెండు అంగుళాలపై పదహారింట ఆరు వంతులు, అంటే 2.375 అంగుళాలు, లేదా 60.3 మిల్లీమీటర్లు. ఇది గాజు లోపలి అడ్డుకొలత, అనగా లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచుకు ఉన్న దూరం. ఇదే లెక్కన 2.4 సైజు 57.2 మిల్లీమీటర్లు, 2.8 సైజు 63.5 మిల్లీమీటర్లు, 2.10 సైజు 66.7 మిల్లీమీటర్లు అవుతాయి. ఈ వరుసలో 2.10 అన్నిటికంటే పెద్దది. దశాంశంగా చదివితే మాత్రం అదే అన్నిటికంటే చిన్నదిగా తోస్తుంది.

బొమ్మపై "2.6 అంగుళాలు" అని ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. కొనదలచిన స్త్రీ తాను రోజూ తొడిగే గాజును స్కేలుపై పెట్టి కొలిస్తే సరిగ్గా 2.6 అంగుళాలు, అంటే 66 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. నిజానికి ఆమెకు సరిపోయేది 2.10 సైజు. బొమ్మను నమ్మి ఆమె 2.6 తెప్పించుకుంటే దాదాపు ఆరు మిల్లీమీటర్లు చిన్నదైన గాజు వస్తుంది. లక్క సాగదు కనుక అది బొటనవేలి ఎముక దగ్గరే ఆగిపోతుంది. బలవంతంగా ఎక్కిస్తే అతికిన రాళ్లు ఊడవచ్చు, గాజే విరగవచ్చు. ఇక్కడ తప్పు గాజుది కాదు, కొన్నామెదీ కాదు, ఆ ఒక్క "అంగుళాలు" అన్న మాటది. బొమ్మపై "సైజు 2.6" అని, దాని కింద "లోపలి అడ్డుకొలత 60.3 మి.మీ." అని రాయడమే సరైన పద్ధతి.

అపోహ: అక్షరాలు చిన్నవైనా ఫరవాలేదు, కావలసినవారు వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తారు.

వాస్తవం: బొమ్మను తయారుచేసే కంప్యూటర్ తెరకూ, దాన్ని చూసే ఫోనుకూ మధ్య ఉన్న తేడాను లెక్క కట్టకపోవడం వల్ల పుట్టిన నమ్మకం ఇది. వెడల్పు 2000 పిక్సెళ్లున్న చదరపు బొమ్మ, అంటే అడ్డంగా 2000 రంగు చుక్కలతో కూర్చిన బొమ్మ, మామూలు ఫోనులో సుమారు 65 మిల్లీమీటర్ల వెడల్పుకు కుదించుకుపోతుంది. ఆ లెక్కన 100 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన, 40 పిక్సెళ్ల అక్షరం 1.3 మిల్లీమీటర్ల దగ్గర నిలుస్తాయి. పెద్ద తెరపై ఎంతో పొందికగా కనిపించిన ఆ 40 పిక్సెళ్ల వాక్యం ఫోనులో గీతలా మిగులుతుంది; ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు వేలితో జరుపుకుంటూ పోయేవారు ప్రతి బొమ్మనూ ఆగి పెద్దది చేసి చదువుతారని ఆశించడం పొరపాటు. అంకెలకు కనీసం 80, తెలుగు అక్షరాలకు కనీసం 100 పిక్సెళ్ల ఎత్తు కేటాయించి, పంక్తికి పన్నెండు పదిహేను అక్షరాలకు మించకుండా చూసుకుంటే, మాటలు తగ్గించక తప్పని స్థితి దానంతట అదే వస్తుంది.

తెలుగుకు ఎక్కువ ఎత్తు అడగడానికి కారణం లిపిలోనే ఉంది. గుడి, ఏత్వం వంటివి అక్షరం పైకి, ఒత్తులు కిందికి పోతాయి గనుక, ఇంగ్లీషు అక్షరానికి చాలిన ఎత్తులో తెలుగు అక్షరపు అసలు శరీరం బాగా కుంచించుకుపోతుంది. "లక్క" అన్న మాటనే తీసుకుంటే, అందులోని క ఒత్తు కనబడకపోతే మిగిలేది "లక". "లక్క" కింది పంక్తిలో "చేతి పని" అని ఇరికించి రాస్తే పై క ఒత్తు, కింది ఏత్వం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి; అందుచేత పంక్తుల మధ్య ఎడం అక్షరపు ఎత్తుకు ఒకటిన్నర రెట్లుండాలి. తెలుగు కూర్పు సరిగా లేని సాఫ్ట్‌వేర్‌లో ఇదే మాట విడిపోయి "లక్‌క" అని పడుతుంది కాబట్టి, బొమ్మను ఎక్కించే ముందు తెలుగు చదివే మరొకరి కంటితో చూపించుకోవడం అవసరం.

అపోహ: బంగారు గాజుకు బంగారు అక్షరమే అందం.

వాస్తవం: అక్షరానికీ దాని వెనుక రంగుకూ ఉన్న వెలుగు తేడాను కాంట్రాస్ట్ అంటారు. వెబ్ అందుబాటు ప్రమాణాలు మామూలు అక్షరాలకు 4.5 రెట్లు, పెద్ద అక్షరాలకు 3 రెట్లు కనీస తేడా కోరుతున్నాయి. తెల్లని నేపథ్యంపై #D4AF37 బంగారు రంగు ఇచ్చేది 2.1 రెట్లే. ముదురు మెరూన్ పన్నెండు రెట్లు దాటుతుంది. రాళ్లు తళుక్కుమనే గాజుపైన ఏ రంగు అక్షరమూ నిలవదు గనుక, రాతను గాజు పక్కనున్న ఖాళీలోనే ఉంచాలి.

అపోహ: బొమ్మపై అన్నీ రాసేస్తే వివరణలో మళ్లీ రాయనక్కరలేదు.

వాస్తవం: బొమ్మలోని అక్షరాలు యంత్రానికి అక్షరాలు కావు, రంగు చుక్కలు. చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే సాధనం వాటిని నమ్మకంగా చదవలేదు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండూ 2020లో తెలుగులోనూ కనిపించడం మొదలుపెట్టాయి; భాష మార్చుకున్నప్పుడు లిస్టింగ్ పాఠం తెలుగులోకి మారుతుందే గాని బొమ్మపై రాత మారదు. అమెజాన్‌లోనైతే తెల్లని నేపథ్యమున్న మొదటి బొమ్మపై రాతకు అనుమతే లేదు. కాబట్టి ముఖ్యమైన ప్రతి విషయమూ పాఠంలో ఉండి తీరాలి. దానిలోంచి ఏరిన నాలుగు మాటలే తరువాతి బొమ్మలపైకి రావాలి.

అపోహ: బొమ్మ ప్రకటన మాత్రమే, అసలు మాట వివరణలో ఉంటే చాలు.

వాస్తవం: వస్తువు గురించిన ప్రకటన దాని నిజ లక్షణాలకు అనుగుణంగా ఉండాలని, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును అమ్మినవారు వెనక్కి తీసుకోకుండా ఉండరాదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు చెబుతున్నాయి. బొమ్మపై "4 గాజులు", శీర్షికలో "2 గాజులు" అని ఉంటే కొనేవారు పట్టుకునేది పెద్ద అక్షరాన్నే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది; ఊరి పేరుతో ముడిపడిన ఆ గుర్తును అధీకృత వినియోగదారుగా నమోదైనవారే వాడాలి. ఇతరులు దాన్ని అలంకారంగా బొమ్మ మూలన అతికించడం సరికాదు.

సరుకు మారినప్పుడు వివరణను దిద్ది బొమ్మను మరచిపోవడం వల్లనే ఈ పొరపాట్లలో చాలా భాగం పుడుతోంది. శీర్షికలో, సైజుల పట్టీలో, బొమ్మపై, పంపే పెట్టెపై ఒకే 2.6, ఒకే 60.3 మి.మీ. కనిపించేదాకా ఆ బొమ్మను లిస్టింగ్‌లో ఉంచకపోవడమే మంచిది.