ఒకటి పొంగింది, ఒకటి పొంగలేదు

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేయించే చిన్న పరీక్ష ఇది. రెండు పరీక్షనాళికల్లో వంటసోడా ద్రావణం పోసి, ఒకదానిలో బెంజోయిక్ ఆమ్లం, రెండోదానిలో ఫినాల్ వేస్తారు. మొదటిది బుసబుసమని పొంగుతుంది. రెండోది ఉలకదు, పలకదు. ఫినాల్ కూడా ఆమ్లమే కదా, మరి దానికేమైంది? ‘పొంగు వచ్చింది, కాబట్టి కార్బాక్సిలిక్ ఆమ్లం’ అని రికార్డులో రాసేసి చాలామంది అక్కడితో వదిలేస్తారు. నాళిక చేతపట్టకముందే ఆ ఫలితం చెప్పడానికి రెండు అంకెలు చాలు.

ప్రోటాన్‌ను, అంటే H⁺ను, ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. ఆమ్లం ప్రోటాన్‌ను ఎంత తేలిగ్గా వదులుకుంటుందో చెప్పే అంకె pKa. అది చిన్నదైతే ఆమ్లం బలమైనది, పెద్దదైతే బలహీనమైనది. ఒక్క అంకె తేడా ఉంటే బలంలో పది రెట్లు తేడా ఉన్నట్టు.

మొదటి నాళికలో జరిగేది ఇదీ:

C₆H₅COOH + HCO₃⁻ ⇌ C₆H₅COO⁻ + H₂CO₃

సమీకరణానికి రెండు వైపులా ఒక్కో ఆమ్లం ఉంది. ఎడమన బెంజోయిక్ ఆమ్లం, pKa 4.2. కుడిన కార్బోనిక్ ఆమ్లం, pKa 6.35. ప్రోటాన్‌ను గట్టిగా పట్టుకునేది బలహీన ఆమ్లం కాబట్టి, సమతాస్థితి ఎప్పుడూ బలహీన ఆమ్లం ఉన్న వైపే మొగ్గుతుంది. ఇక్కడ అది కుడివైపు. ఎంత మొగ్గుతుందో తెలియాలంటే కుడి ఆమ్లం pKa నుంచి ఎడమ ఆమ్లం pKa తీసేయాలి: 6.35 − 4.2 = 2.15. సమతాస్థితి స్థిరాంకం 10^2.15, అంటే దాదాపు 140. రెండు పదార్థాలూ సమానంగా కలిపితే నూటికి 90కి పైగా బెంజోయిక్ ఆమ్లం ప్రోటాన్‌ను ఇచ్చేస్తుందన్నమాట. పైగా కార్బోనిక్ ఆమ్లం విడిపోయి కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి చర్య ఇంకా కుడివైపే నడుస్తుంది. మనకు కనిపించే పొంగు ఆ వాయువే.

ఇప్పుడు రెండో నాళిక. ఫినాల్ pKa సుమారు 10. కుడివైపు మళ్లీ అదే కార్బోనిక్ ఆమ్లం. 6.35 − 10 = −3.65. స్థిరాంకం దాదాపు 0.0002. సమానంగా కలిపినా నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి ప్రోటాన్ చేయి మారదు. పొంగడానికి సరిపడా వాయువు పుట్టదు.

మొదటి సెమిస్టర్ విద్యార్థులు తరచూ తడబడేది లెక్క దగ్గర కాదు, అంకెను ఎంచుకునే దగ్గర. పట్టికలో HCO₃⁻ పక్కన 10.33 అని ఉంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడ వాడేస్తారు. కానీ అది HCO₃⁻ తానే ప్రోటాన్ వదిలేటప్పటి అంకె. మన చర్యలో అది ప్రోటాన్‌ను పుచ్చుకుంటోంది. పుచ్చుకున్నాక ఏమవుతుందో చూడాలి: H₂CO₃. కావలసింది దాని pKa. అందుకే ముందు సమీకరణం రెండు వైపులా పూర్తిగా రాసి, ఆమ్లాల కింద గీత గీసి, ఆ తర్వాతే పట్టిక తెరవడం మంచిది.

ఆ 10.33కీ పని ఉంది, చాకలిసోడా వాడినప్పుడు. అందులోని CO₃²⁻ ప్రోటాన్ పుచ్చుకుంటే HCO₃⁻ అవుతుంది. ఫినాల్‌తో లెక్క వేస్తే 10.33 − 10 = 0.33, స్థిరాంకం సుమారు 2. అంటే త్రాసు కాస్త మాత్రమే కుడికి వాలుతుంది. సమానంగా కలిపితే సగానికి కొంచెం ఎక్కువ ఫినాల్ ప్రోటాన్‌ను ఇస్తుంది. అయినా పొంగు రాదు, ఎందుకంటే ఏర్పడింది HCO₃⁻, కార్బోనిక్ ఆమ్లం కాదు. చర్య జరిగిందా అన్నది ఒక ప్రశ్న, అది కంటికి కనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ అంకెలు నీటిలో కొలిచినవని గుర్తుంచుకోవాలి. ద్రావణి మారితే అవీ మారతాయి. తేడా అర అంకె లోపు ఉన్నచోట ‘పూర్తిగా జరుగుతుంది’ అని రాయడం తప్పు.

చివరగా పిక్రిక్ ఆమ్లం. పేరులో ఆమ్లం ఉన్నా అది ఫినాల్ కుటుంబానిదే, మూడు నైట్రో సమూహాలు తగిలించుకున్న ఫినాల్. ఆ నైట్రో సమూహాలు ఎలక్ట్రాన్లను తమవైపు లాగడం వల్ల ప్రోటాన్ మీద పట్టు సడలి, pKa సుమారు 0.4కి పడిపోతుంది. వంటసోడాలో వేస్తే పొంగుతుంది. రికార్డులో రాసిన ఆ ఒక్క వాక్యం ఇక్కడ బోల్తా పడుతుంది. పొంగు మనకు చెప్పేది ఆమ్లం ఏ కుటుంబానిదో కాదు, దాని pKa 6.35కి బాగా కింద ఉందని.