ఏ అంతస్తు ఏ సంవత్సరంలో కట్టారు?

ఢిల్లీలో ఇంటి పన్ను ఎంతో ఇంటి యజమానే లెక్క కట్టి చెప్పాలి. నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌ mcdonline.nic.in లోకి వెళ్లి స్థలం ఎంత, కట్టడం ఎంత, దేనికి వాడుతున్నారు, ఏ సంవత్సరంలో కట్టారు అన్న గళ్లు నింపితే పన్ను మొత్తం తెర మీద కనిపిస్తుంది. యూపీఐతోనో కార్డుతోనో కట్టేస్తే రసీదు వస్తుంది. మొత్తం అరగంట పని. అయితే ఆ గళ్లలో రాసింది సరైనదా కాదా అని వెబ్‌సైట్‌ అప్పటికప్పుడు అడగదు, మీరు రాసిందే నిజమనుకుని లెక్క కడుతుంది. తప్పు రాసి ఎక్కువ కడితే వెంటనే చెప్పేవాళ్లుండరు. తక్కువ కడితే మాత్రం తర్వాత నోటీసు వస్తుంది, బాకీ మీద నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. అందుకే కట్టే ముందు ఆ గళ్ల వెనక ఉన్న లెక్క తెలిసి ఉండటం అవసరం.

2004కు ముందు ఢిల్లీలో ఇంటి పన్నును అద్దె విలువను బట్టి నిర్ణయించేవారు. ఆ ఇంటికి ఎంత అద్దె వస్తుందన్నది అధికారి అంచనా. పక్కపక్కన ఒకేలా ఉన్న రెండిళ్లకు వేర్వేరు పన్ను పడినా ఎందుకని అడిగేందుకు ఆధారం ఉండేది కాదు. 2004 ఏప్రిల్ నుంచి యూనిట్ ఏరియా పద్ధతి వచ్చింది. నగరంలోని కాలనీలన్నిటినీ ఏ నుంచి హెచ్ వరకు 8 శ్రేణులుగా విడగొట్టి, ఒక్కో శ్రేణికి చదరపు మీటరుకు ఇంత విలువ అని ముందే ప్రకటించారు. వసంత్ విహార్ లాంటి సంపన్న కాలనీలున్న ఏ శ్రేణికి 630 రూపాయలు, అట్టడుగున ఉన్న హెచ్ శ్రేణికి 100 రూపాయలు. మధ్యలో ఉండే డి శ్రేణికి 320. కాలనీ ఏ శ్రేణిలో ఉందో, ఏ అంశానికి ఎంత గుణకమో పట్టికల్లో అందరికీ కనిపించేలా ఉంటుంది. కాగితం, కలం ఉంటే ఎవరైనా తన పన్ను తనే లెక్కేసుకోవచ్చు. నా దృష్టిలో ఈ పద్ధతిలోని పెద్ద మేలు ఇదే.

లెక్క ఇలా నడుస్తుంది. శ్రేణి విలువను కట్టడం విస్తీర్ణంతో గుణిస్తారు. దాన్ని వయసు, వాడకం, ఎవరుంటున్నారన్నది, కట్టడం పక్కాదా కచ్చాదా అన్న గుణకాలతో వరసగా గుణిస్తూ పోతారు. చివరికి వచ్చేది వార్షిక విలువ. అందులో నిర్ణీత శాతం పన్ను. ఇక్కడ ఏదీ కూడిక కాదు, అన్నీ గుణకారాలే. కాబట్టి ఒక గడిలో చేసిన తప్పు ఆ గడితో ఆగదు, మొత్తం లెక్కను అదే నిష్పత్తిలో పెంచుతుంది లేదా తగ్గిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగే గడి కట్టిన సంవత్సరం. 1960కి ముందు కట్టిన ఇంటికి వయసు గుణకం 0.5. అరవైల్లో కట్టినదానికి 0.6, డెబ్భైల్లో 0.7, ఎనభైల్లో 0.8, తొంభైల్లో 0.9. 2000 తర్వాత కట్టిన ఏ ఇంటికైనా 1. అంటే 2003లో కట్టిన ఇల్లూ, నిరుడు గృహప్రవేశం చేసిన ఇల్లూ పన్ను లెక్కలో ఒకే వయసువి. ఇరవై ఏళ్లు గడిచినా ఆ పట్టికలో కొత్త మెట్టు చేర్చకపోవడం సరైంది కాదు. 2003 నాటి ఇంటి యజమాని ఆ తేడాను ఏటా భరిస్తూనే ఉన్నాడు.

ఈ గడిలో చాలామంది ఇల్లు కొన్న సంవత్సరం రాస్తారు. చేతిలో ఉండే కాగితం సేల్ డీడ్, దాని మీద కనిపించే తేదీ కొన్న తేదీ కాబట్టి అలా జరుగుతుంది. 1992లో కట్టిన ఫ్లాటును 2015లో కొన్నవారు 2015 అని రాస్తే గుణకం 0.9 బదులు 1 పడుతుంది. ఏటా కట్టాల్సినదానికన్నా 11 శాతం ఎక్కువ కడుతుంటారు. అదీ ఒక్క ఏడాదితో పోదు, ఒకసారి నమోదైన సంవత్సరం పాత రిటర్నులోంచి కొత్త రిటర్నులోకి నడిచి వస్తూనే ఉంటుంది. కట్టిన సంవత్సరం తెలియాలంటే కంప్లీషన్ సర్టిఫికెట్టు, మంజూరైన ప్లాను, మొదటి కరెంటు మీటరు తేదీ చూడాలి. పాత ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టి ఉంటే మాత్రం కొత్త సంవత్సరమే రాయాలి. పాతది రాస్తే అది తక్కువ చూపించడం కిందకు వస్తుంది.

పై అంతస్తు తర్వాత వేసిన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఫారంలో ప్రతి అంతస్తుకూ వేరే వరస ఉంటుంది, సంవత్సరం కూడా వేరుగానే ఇవ్వాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. డి శ్రేణి కాలనీలో 180 గజాల స్థలం. కింద 90 చదరపు మీటర్ల పక్కా ఇల్లు 1984లో కట్టారు, యజమాని కుటుంబం ఉంటోంది. 2006లో పైన అంతే విస్తీర్ణంలో ఇంకో అంతస్తు వేసి అద్దెకిచ్చారు.

కింది అంతస్తుకు 320 ని 90తో గుణించి, వయసు గుణకం 0.8తో గుణిస్తే వార్షిక విలువ 23,040. సొంతంగా ఉంటున్నారు కాబట్టి తర్వాతి గుణకం 1, మొత్తం మారదు. పై అంతస్తుకు వయసు గుణకం 1. కానీ అద్దెకిచ్చిన నివాసానికి గుణకం 2. కాబట్టి 320 ని 90తో, ఆపైన 2తో గుణిస్తే 57,600. రెండూ కలిపి 80,640. డి శ్రేణి నివాసాలకు ఇటీవలి సంవత్సరాల్లో పన్ను 11 శాతం. అంటే 8,870 రూపాయలు. కొద్దిపాటి సెస్సు దీనికి అదనం.

ఇదే ఇంటికి రెండంతస్తులనూ కలిపి 180 చదరపు మీటర్లు, 1984, సొంత నివాసం అని ఒకే వరసలో రాస్తే పన్ను 5,069 రూపాయలే వస్తుంది. తెర మీద ఆ చిన్న మొత్తం చూసి సంతోషంగా కట్టేసినవారికి తర్వాత తనిఖీలో ఏడాదికి 3,800 చొప్పున తేడా, దానిమీద వడ్డీ తేలుతుంది. కావాలని దాచారా, తెలియక రాశారా అన్నది వడ్డీ లెక్కకు పట్టదు.

వాడకం గడి ఇంతకన్నా గట్టిది. నివాసానికి గుణకం 1 అయితే వ్యాపారానికి 4. కింది అంతస్తులో వీధివైపు 15 చదరపు మీటర్ల గదిని యజమాని కిరాణా కొట్టు చేశాడనుకుందాం. ఆ గది వార్షిక విలువ నివాసంగా అయితే 3,840, కొట్టుగా అయితే 15,360. పైగా దానికి నివాసాల పన్ను శాతం కాక వ్యాపారాల శాతం వర్తిస్తుంది. అలాగని ఒక గది కోసం కింది అంతస్తు మొత్తాన్ని వ్యాపారం కింద చూపనక్కర్లేదు. 75 చదరపు మీటర్లను నివాసంగా ఒక వరసలో, 15 చదరపు మీటర్లను కొట్టుగా ఇంకో వరసలో రాయాలి. ఇలా విడగొట్టవచ్చని తెలియక అనవసరంగా ఎక్కువ కట్టేవాళ్లున్నారు. కొట్టు మూసేసి గదిని మళ్లీ ఇంట్లో కలుపుకున్నాక కూడా పాత వరసను అలాగే వదిలేసేవాళ్లూ ఉన్నారు.

విస్తీర్ణం దగ్గర మన తెలుగువాళ్లు తడబడేది కొలతలో. మనం స్థలాన్ని గజాల్లో, ఇంటిని చదరపు అడుగుల్లో చెప్పుకుంటాం. ఢిల్లీ ఫారం చదరపు మీటర్లు అడుగుతుంది. గజాన్ని 0.836తో గుణిస్తే చదరపు మీటరు వస్తుంది. పై ఉదాహరణలోని 180 గజాలు దాదాపు 150 చదరపు మీటర్లు. అడుగులనైతే 10.76తో భాగించాలి. ఇక ఫ్లాటులో ఏ విస్తీర్ణం రాయాలన్నది మరో ప్రశ్న. పన్నుకు కావలసింది గోడల మందంతో సహా కప్పు కింద ఉన్న విస్తీర్ణం.  గోడలు తీసేసిన కార్పెట్ ఏరియా రాస్తే తక్కువవుతుంది.

ఇల్లు ఉన్నప్పుడు స్థలం విస్తీర్ణం ఎందుకు అడుగుతారన్న సందేహం సహజం. మామూలు ఇళ్లలో పన్ను కట్టడం మీదే నడుస్తుంది. పెద్ద స్థలంలో మూలన చిన్న ఇల్లుండి, కట్టడం స్థలంలో నాలుగో వంతు కూడా లేకపోతే ఖాళీ స్థలానికి వేరే లెక్క వస్తుంది. స్థలం అంకె అక్కడ పనికొస్తుంది.

రాయితీలను వెబ్‌సైట్‌ తనంతట తాను ఇవ్వదు, అడిగి తీసుకోవాలి. వృద్ధులు, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులు యజమానులైతే, వారు సొంతంగా ఉంటున్న ఒక ఇంటికి 200 చదరపు మీటర్ల వరకు 30 శాతం తగ్గింపు ఉంది. ఉమ్మడి ఆస్తి అయితే వారి వాటా మేరకే. ఏడాది పన్నంతా జూన్ 30 లోపు ఒకేసారి కట్టినవారికి 10 శాతం తగ్గింపు. మన ఉదాహరణలోని ఇంటికి ఈ ఒక్క తగ్గింపుతోనే 887 రూపాయలు మిగులుతాయి.

ఇవన్నీ చూసుకున్నాక మిగిలే పని తేలిక. మొబైల్ నంబరుతో లాగిన్ అయి, ఆస్తికిచ్చిన 15 అంకెల UPIC నంబరు ఇచ్చి, వరసలు సరిచూసి కట్టడమే. 2024 జూలై నుంచి ఢిల్లీ నగరపాలక సంస్థ పన్నుకు చెక్కులు తీసుకోవడం మానేసింది, బౌన్సయ్యేవి ఎక్కువవడమే కారణం. ఖాతాలో డబ్బు పోయి రసీదు రాకపోతే వెంటనే మళ్లీ కట్టొద్దు. బ్యాంకు ఇచ్చిన లావాదేవీ నంబరు రాసుకుని, అది తేలాకే రెండో ప్రయత్నం చేయండి.

మన రాష్ట్రాల్లో లెక్క వేరు, గళ్లు మాత్రం దాదాపు ఇవే. హైదరాబాద్‌లో ఇప్పటికీ నెలవారీ అద్దె విలువే ఆధారం. అక్కడ కూడా ఇంటి వయసును బట్టి 25 ఏళ్ల వరకు 10 శాతం, 40 ఏళ్ల వరకు 20, ఆపైన 30 శాతం తరుగుదల తీసేస్తారు. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ విలువను పట్టి మూలధన విలువ పద్ధతికి మారింది. అక్కడా స్థలం, వాడకం, కట్టిన సంవత్సరం లెక్కలోకి వస్తాయి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. అనుమతి లేకుండా వేసిన అంతస్తుకు ఏళ్ల తరబడి పన్ను కట్టినా అది సక్రమం అయిపోదు. ఢిల్లీలో ఇల్లున్నవారు జూన్ 30 లోపు కట్టే ముందు నిరుటి రిటర్ను తెరవండి. ప్రతి అంతస్తు ఎదురుగా ఉన్న సంవత్సరం, వాడకం, విస్తీర్ణం మీ కాగితాలతో సరిపోల్చుకుని, తేడా ఉంటే ఈ ఏడాదే సరిచేయండి.