ఎనభై, నలభై, పదిహేను: ఒక వృత్తం లెక్క

పరీక్షలు దగ్గర పడేకొద్దీ ఇంజినీరింగ్ విద్యార్థుల ఫోన్లలో ఒక ఫొటో తిరుగుతూ ఉంటుంది. పుస్తకంలోని పేజీని హడావిడిగా తీసింది. అందులో ఒక చతురస్రం, దాని నాలుగు అంచుల నుంచి బయటికి పొడుచుకొచ్చే బాణాలు, అంచుల వెంట పాకే మరో నాలుగు బాణాలు, పక్కన మూడు అంకెలు: 80, 40, 15. ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు, గరిష్ఠ షియర్ స్ట్రెస్ మోర్ వృత్తంతో కనుక్కోమని కింద ఒకే ఒక వాక్యం. సివిల్, మెకానికల్ చదివినవాళ్లకు ‘స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్’ అనగానే గుర్తొచ్చే లెక్క ఇది. చాలామంది అయిదు నిమిషాల్లో చేసేస్తారు. అలా చేసినవాళ్లలో కొందరి చివరి జవాబు సగానికి దగ్గరలో తప్పిపోతుంది.

ఆ చతురస్రం గాల్లోంచి ఊడిపడింది కాదు. ఒక నిలువు ఉక్కు ట్యాంకును ఊహించుకుంటే దాని అసలు రూపం తెలుస్తుంది. వ్యాసార్థం 400 మిల్లీమీటర్లు, గోడ మందం 10 మిల్లీమీటర్లు, లోపల 2 మెగాపాస్కళ్ల పీడనం, అంటే వాతావరణ పీడనానికి దాదాపు ఇరవై రెట్లు. లోపలి గ్యాసు గోడను బయటికి నెడుతుంటే, గోడలోని ఉక్కు చుట్టూతా సాగినట్టు లాగబడుతుంది. ఆ లాగుడు ఎంతో తెలియాలంటే పీడనాన్ని వ్యాసార్థంతో గుణించి మందంతో భాగిస్తే చాలు: 80 మెగాపాస్కళ్లు. ఒక చదరపు మిల్లీమీటరు ఉక్కు మీద ఎనిమిది కిలోల బరువు వేలాడదీస్తే పడేంత లాగుడన్నమాట. నిలువు దిశలో అందులో సరిగ్గా సగం, 40. పీడనం మితిమీరి పగిలే గొట్టాలు సాధారణంగా నిలువునా చీలడానికి కారణం ఈ రెండింతల తేడానే. దీనికి తోడు, ట్యాంకు పైభాగానికి బిగించిన పైపు ఒకటి పక్కకు లాగుతూ ట్యాంకును మెలిపెడుతోందని అనుకుందాం. ఆ మెలి వల్ల గోడలో 15 మెగాపాస్కళ్ల షియర్ పుడుతుంది. గోడ బయటి ముఖం మీద చిన్న గడి గీసి, దాని అంచుల మీద పనిచేసే ఈ మూడింటినీ రాస్తే, అదే ఫొటోలోని చతురస్రం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ గడిని అడ్డంగా నిలువుగా గీసింది మన సౌకర్యం కోసం. ఉక్కుకు ఆ దిశలతో పని లేదు. గడిని కాస్త ఏటవాలుగా తిప్పి గీస్తే అదే చోట అంచుల మీద వేరే అంకెలు వస్తాయి. అలా తిప్పుతూ పోతే ఏ దిశలో లాగుడు అన్నిటికంటే ఎక్కువ? ఏ దిశలో షియర్ అన్నిటికంటే ఎక్కువ? లోహం విఫలమయ్యేది ఆ దిశల్లోనే కాబట్టి ఈ వెతుకులాట. సుద్దముక్కను రెండు చేతులతో మెలితిప్పి చూస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది. అది అడ్డంగా విరగదు, నలభై అయిదు డిగ్రీల వాలులో మెలికలు తిరిగిన ముఖంతో విరుగుతుంది. మెలితిప్పినప్పుడు గరిష్ఠ లాగుడు ఆ వాలులో ఉంటుంది, సుద్ద లాగుడుకు ఆగదు. మెత్తటి ఉక్కు కడ్డీని అదే విధంగా తిప్పితే నరికినట్టు అడ్డంగా తెగుతుంది, ఎందుకంటే అది లొంగేది షియర్‌కు.

ఈ వెతుకులాటను ఒక వృత్తంలోకి కుదించినవాడు జర్మన్ ఇంజినీరు క్రిస్టియన్ ఒట్టో మోర్. 1835లో పుట్టి, యౌవనంలో రైల్వేల్లో పనిచేసి, తర్వాత స్టుట్‌గార్ట్‌లో, డ్రెస్డెన్‌లో ప్రొఫెసరుగా పాఠాలు చెప్పాడు. 1882లో ఈ పద్ధతిని ప్రచురించాడు. కార్ల్ కుల్మన్ అంతకుముందే ఇలాంటి వృత్తం గీశాడు గానీ, దాన్ని విస్తరించి అందరి చేతికీ అందించిన మోర్ పేరే నిలిచింది. సూత్రం ఇది: గడిని తిప్పుతున్నప్పుడు ఒక అంచు మీది లాగుడునూ షియర్‌నూ గ్రాఫ్ కాగితం మీద ఒక బిందువుగా పెడుతూ పోతే, ఆ బిందువు గీసే దారి కచ్చితమైన వృత్తం. గడిని 180 డిగ్రీలు తిప్పితే అంచు మళ్లీ మొదటి గీత మీదికే వస్తుంది కనుక, ఆ లోపే కాగితం మీది బిందువు పూర్తి చుట్టు తిరిగేస్తుంది. కాబట్టి కాగితం మీది కోణం ఎప్పుడూ గడి తిరిగిన కోణానికి రెట్టింపు.

గీయడానికి ముందు ఫొటోను నమ్మొచ్చా అన్నది చూసుకోవాలి. సాధారణంగా పుస్తకం మడత దగ్గరో, ఫోను నీడ పడిన చోటో ఒక బాణం మాయమై ఉంటుంది. కంగారు అక్కర్లేదు. గడి తనంతట తాను గిర్రున తిరిగిపోకూడదు కదా, అందుకని షియర్ బాణాలు ఒక మూలలో మొనలు కలుపుకుంటాయి, పక్క మూలలో తోకలు కలుపుకుంటాయి. ఈ ఫొటోలో పై అంచు మీది బాణం కుడికి పోతోంది. అంటే కుడి అంచు మీది బాణం పైకి పోవాలి, నీడలో కనబడకపోయినా సరే. మొనలు పైన కుడి మూలలోనూ, కింద ఎడమ మూలలోనూ కలుస్తాయి. ఒక్క బాణం కనిపిస్తే మిగతా మూడూ చెప్పేయొచ్చు. వాలుగా తీసిన ఫొటోలో చతురస్రం పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి, కోణాలు తెర మీద కొలవడం మాత్రం పనికిరాదు.

ఇక గ్రాఫ్. అడ్డగీత మీద లాగుడు, నిలువుగీత మీద షియర్. గడిని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పజూసే షియర్‌ను పైన, ఎదురు దిశలో తిప్పజూసేదాన్ని కింద పెడదాం. ఇలా పెడితే కాగితం మీద తిరిగే దిశ, గడి తిరిగే దిశ ఒకటే అవుతాయి. కొన్ని పుస్తకాలు వేరే ఒప్పందం వాడతాయి. మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకడమే చాలా తప్పులకు మూలం. కుడి అంచు మీద 80 లాగుడు ఉంది, దాని మీది పైకి పోయే బాణం గడిని ముల్లుకు ఎదురు దిశలో తిప్పజూస్తుంది. కాబట్టి దాని బిందువు 80 దగ్గర, కిందికి 15. పై అంచు బిందువు 40 దగ్గర, పైకి 15. రెండింటినీ గీతతో కలిపితే అది అడ్డగీతను సరిగ్గా 60 దగ్గర దాటుతుంది. అదే వృత్తానికి కేంద్రం. కేంద్రం నుంచి మొదటి బిందువుకు అడ్డంగా 20, నిలువుగా 15 కాబట్టి వ్యాసార్థం 25. కంపాస్ పెట్టి తిప్పితే వృత్తం అడ్డగీతను 85 దగ్గరా 35 దగ్గరా తాకుతుంది. అవే ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు. ఆ రెండు చోట్లా షియర్ సున్నా. రెండూ కూడితే 120 రావాలి, ఎందుకంటే మొదటి జంట 80, 40 కూడా 120 కనుక. రాకపోతే ఎక్కడో లెక్క తప్పిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మొదటి బిందువు నుంచి 85 దగ్గరికి వెళ్లడానికి వృత్తం మీద ముల్లుకు ఎదురు దిశలో 36.9 డిగ్రీలు తిరగాలి. గడి మీద అందులో సగం, 18.4 డిగ్రీలు. ఇది సరైనదేనా అని చూడటానికి బొమ్మే చాలు. పెద్ద లాగుడు అడ్డంగా ఉంది, షియర్ బాణాల మొనలు కలిసే మూలలు ఎడమ కింద నుంచి కుడి పైకి ఉన్నాయి. గరిష్ఠ లాగుడు ఈ రెండు దిశల నడుమ పడాలి. పడింది కూడా.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. విద్యార్థి షియర్ గుర్తు తిరగేసి వేసినా 85, 35 మాత్రం మారవు. ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేసినా అంతే. అందుకే ఈ తప్పు పట్టుబడదు, జవాబు పేజీలోని అంకెలతో చక్కగా సరిపోతుంది. మారేది దిశ ఒక్కటే: 18.4 డిగ్రీలు పైకి కావాల్సింది కిందికి పోతుంది. పోత ఇనుములాంటి పెళుసు లోహంలో పగులు ఎటు పాకుతుందో చెప్పాల్సి వస్తే దాదాపు 37 డిగ్రీల తేడా వచ్చేసినట్టే.

మిగిలింది గరిష్ఠ షియర్. వృత్తం శిఖరం దగ్గర 25 అని చూసి, జవాబు 25 అని గీత కొట్టేయడం అందరూ చేసే పని. అది గోడ తలంలోనే గడిని తిప్పితే వచ్చే గరిష్ఠం. కానీ గోడకు మూడో దిశ ఒకటుంది, మందం దిశ. ట్యాంకు బయటి ముఖాన్ని ఎవరూ నెట్టడం లేదు కాబట్టి ఆ దిశలో స్ట్రెస్ సున్నా. అది కూడా ఒక ప్రిన్సిపల్ స్ట్రెసే! ఇప్పుడు 85, 35, 0 అనే మూడు బిందువులున్నాయి, జంటకొకటి చొప్పున మూడు వృత్తాలు గీయొచ్చు. వాటిలో పెద్దది 0 నుంచి 85 దాకా పోతుంది, దాని వ్యాసార్థం 42.5. నిజమైన గరిష్ఠ షియర్ ఇదే. అది గోడ మందంలోకి నలభై అయిదు డిగ్రీలు వాలిన తలం మీద ఉంటుంది, కాగితం మీది చతురస్రాన్ని ఎంత తిప్పినా ఆ తలం కనబడదు.

రెండు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లూ ఒకే గుర్తుతో ఉన్నప్పుడల్లా ఈ ఉచ్చు ఉంటుంది. ఒకటి లాగుడు, ఇంకోటి నొక్కుడు అయితే సున్నా వాటి మధ్యలో పడిపోతుంది, మొదటి వృత్తమే పెద్దది, గొడవ లేదు. పీడనంతో నిండిన ట్యాంకుల్లో, గ్యాసు సిలిండర్లలో మాత్రం గోడ రెండు దిశల్లోనూ లాగబడుతుంది కనుక ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది.

తేడా ఎంతో చూడండి. మామూలు నిర్మాణ ఉక్కు 250 మెగాపాస్కళ్ల లాగుడుకు లొంగుతుందనుకుందాం. గరిష్ఠ షియర్‌ను బట్టి లోహం లొంగుతుందన్న ట్రెస్కా నియమం ప్రకారం అందులో సగం, 125 దగ్గర ప్రమాదం. షియర్ 25 అనుకున్నవాడు ట్యాంకుకు అయిదు రెట్ల భద్రత ఉందని రాస్తాడు. 42.5 అని గుర్తించినవాడికి అది మూడు రెట్ల లోపే. గోడ లోపలి ముఖం దగ్గరైతే ఇంకాస్త తక్కువ: అక్కడ గ్యాసు 2 మెగాపాస్కళ్లతో నొక్కుతోంది కాబట్టి మూడో బిందువు సున్నా మీద కాకుండా దానికి ఎడమన 2 దగ్గర పడుతుంది, పెద్ద వృత్తం వ్యాసార్థం 43.5 అవుతుంది. ఈ అంకెలన్నీ కూడా ట్యాంకు నడిమి భాగపు సాదా గోడకే చెల్లుతాయి. వెల్డింగు అతుకు పక్కన, పైపు కోసం పెట్టిన రంధ్రం అంచున 80, 40 అనే మొదటి అంకెలే మారిపోతాయి. అక్కడ గోడకు స్ట్రెయిన్ గేజీలు మూడు వేర్వేరు దిశల్లో అతికించి, కొలతలు తీసుకుని, ఆ చోటుకు మళ్లీ కొత్త వృత్తం గీస్తారు.