అడ్వాన్సు చీటీలో తొమ్మిది వాయిదాలు

బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. జీతం 18,000, పీఎఫ్ 1,800 పోగా చేతికి 16,200. జూన్‌లో పిల్లల ఫీజులకు 24,000 కావాలి. “అయ్యా, అవసరం పడింది” అని ఊరుకుంటే యజమాని నసుగుతాడు. అందుకే లెక్క కూడా రాయాలి:

“అయ్యా, జూలై నుంచి సెప్టెంబరు దాకా నెలకు 3,000 చొప్పున పట్టుకోండి. దసరా ఖర్చుంటుంది కనుక అక్టోబరులో 1,500 చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మళ్లీ 3,000. మిగిలిన 1,500 మార్చిలో. మధ్యలో మానేస్తే ఆఖరి జీతంలో సర్దుకోండి.”

పండగ నెలను ముందే తగ్గించడమే ఇందులో తెలివి. లేకపోతే అక్టోబరులో మళ్లీ చేయి చాచాలి. మామూలు నెలల్లో ఇంటికి 13,200 వస్తుంది; అద్దె, సరుకులకు అది సరిపోకపోతే వాయిదా తగ్గించి, నెలలు పెంచాలి. చట్టం ప్రకారం కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. ఇక్కడ 4,800 మించవు.

యజమాని సంతకం పెట్టిన నకలు ఒకటి గుమాస్తా దగ్గరుండాలి.